8c అంటే ఎనిమిది కుర్చీలేనా?

ఇంట్లో శుభకార్యం ఉంటే టెంట్ హౌస్ వాళ్లు బిల్లు ఎలా వేస్తారో అందరికీ తెలిసిందే. కుర్చీకి రోజుకు 8 రూపాయలు, బల్లకు 40, తెచ్చి దింపి మళ్లీ తీసుకుపోయే బండికి 600 అనుకుందాం. పిలుపులు ఇంకా పూర్తికాలేదు కాబట్టి ఎన్ని కుర్చీలు కావాలో, ఎన్ని బల్లలు కావాలో తేలలేదు. అయినా బిల్లు ఎలా ఉండబోతుందో ఇప్పుడే రాసి పెట్టుకోవచ్చు. కుర్చీల సంఖ్య c, బల్లల సంఖ్య t అనుకుంటే ఒక రోజు బిల్లు ఇది:

8c + 40t + 600

బడి పుస్తకాల్లో దీన్ని బీజీయ సమాసం అంటారు. c, t చరరాశులు. 8, 40 వాటి గుణకాలు. 600 స్థిరరాశి. ఈ పేర్లన్నీ అప్పజెప్పగలిగిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఇందులో 8c అంటే ఏమిట్రా అని అడిగి చూడండి. "ఎనిమిది కుర్చీలు" అనే జవాబు రావడానికి చాలా అవకాశం ఉంది. బీజగణితంలో తర్వాత జరిగే పొరపాట్లలో సగానికి వేరు ఆ జవాబులోనే ఉందని నా నమ్మకం.

ఎనిమిది కుర్చీల మాట ఈ బిల్లులో ఎక్కడా లేదు. 8 అనేది ఒక్క కుర్చీకి పడే అద్దె. c అనేది ఎన్ని కుర్చీలో చెప్పే సంఖ్య. రెంటినీ గుణిస్తే కుర్చీల పద్దు కింద ఎన్ని రూపాయలో వస్తుంది. 100 కుర్చీలు తెప్పిస్తే c = 100, అప్పుడు 8c అంటే 800 రూపాయలు. c స్థానంలో 100 పెట్టి లెక్క కట్టడాన్నే ప్రతిక్షేపణ అంటారు. అక్షరం చోట వస్తువును కూర్చోబెడితే ఈ లెక్క సాగదు. 8ని కుర్చీతో గుణించడం ఎవరికీ చేతకాదు.

అక్షరాన్ని వస్తువుగా చదవడం మన పిల్లలకే పరిమితమైన జబ్బు కాదు. 1970ల్లో ఇంగ్లండ్‌లో డైట్మార్ కుచెమన్ అనే పరిశోధకుడు బడిపిల్లలు అక్షరాలను ఎన్ని రకాలుగా అర్థం చేసుకుంటున్నారో పరిశీలించి ఆరు రకాలు గుర్తించాడు. అందులో ఒకటి అక్షరాన్ని వస్తువు పేరుకు పొట్టిరూపంగా తీసుకోవడం. కొందరు ఉపాధ్యాయులు దీన్ని తెలియకుండానే పెంచి పోషిస్తారు. 3a + 2b చెప్పేటప్పుడు a అంటే యాపిల్, b అంటే అరటిపండు అంటారు. యాపిల్స్‌నూ అరటిపళ్లనూ కలపకూడదు గదా, అందుకే ఇది ఇలాగే ఉంటుందని ముగిస్తారు. ఆ రోజుకు పాఠం గడిచిపోతుంది. రేపు ab వస్తుంది. యాపిల్‌ను అరటిపండుతో గుణిస్తే ఏమొస్తుందని పిల్లవాడు అడిగితే ఆ ఉపాధ్యాయుడి దగ్గర జవాబుండదు. మూడు యాపిళ్లనూ రెండు అరటిపళ్లనూ కలిపి ఐదు పళ్లని ఎందుకు అనకూడదని అడిగినా ఉండదు.

పిల్లలను పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. అక్షరాలను పొట్టిరూపాలుగా వాడటం మనమే వాళ్లకు ముందు నేర్పాం. 5 m అని రాస్తే ఐదు మీటర్లు. అక్కడ m కొలత పేరు, సంఖ్య కాదు. అదే m బీజగణితంలోకి వచ్చేసరికి సంఖ్య అయిపోతుంది. ఈ తేడా ఎంత దూరం తీసుకెళుతుందో చూడండి. ఒక మీటరుకు వంద సెంటీమీటర్లు. దీన్ని అక్షరాల్లో రాయమంటే చెయ్యి దానంతటదే m = 100c అని రాస్తుంది. కొలతల పేర్లుగా చదివితే అది ఒప్పే. కానీ ఒక గుడ్డ పొడవు మీటర్లలో m, సెంటీమీటర్లలో c అని అక్షరాలకు సంఖ్యలు ఇచ్చామనుకోండి. రెండు మీటర్ల గుడ్డకు m = 2, c = 200. ఇవి m = 100c లో పెడితే 2 = 20,000 అవుతుంది! నిజానికి రాయవలసింది c = 100m. సమీకరణం తలకిందులైపోయింది.

పెద్దవాళ్లూ దీనికి అతీతులు కారు. 1981లో అమెరికాలో క్లెమెంట్, లాక్‌హెడ్, మంక్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడిగారు. ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లకు ఆరు రెట్ల మంది విద్యార్థులున్నారు, విద్యార్థుల సంఖ్య S, ప్రొఫెసర్ల సంఖ్య P అయితే సమీకరణం రాయండి. మూడో వంతుకు పైగా తప్పు రాశారు. ఎక్కువమంది రాసిన తప్పు 6S = P. ఆరుగురు విద్యార్థులకు ఒక ప్రొఫెసరు అని వాళ్లు బొమ్మ గీసుకున్నారన్నమాట. పది మంది ప్రొఫెసర్లుంటే విద్యార్థులు అరవై మంది అని అంకెలు పెట్టి చూసి ఉంటే, 360 = 10 అని కనబడి అక్కడికక్కడే ఆగేవారు.

ఇప్పుడు సూక్ష్మీకరణ దగ్గరికి వద్దాం. మన బిల్లులో కుర్చీల పద్దు, బల్లల పద్దు మాత్రం తీసుకుందాం: 8c + 40t. దీన్ని ఇంకా కుదించమంటే చాలామంది 48ct అని రాస్తారు. నిజం చెప్పాలంటే అలా రాయడానికి వాళ్లకు ఒక కారణం ఉంది. ఐదేళ్లపాటు అంకగణితం చేసిన పిల్లవాడికి జవాబంటే ఒకే ఒక్క సంఖ్య. మధ్యలో కూడిక గుర్తు మిగిలిపోతే లెక్క సగంలో ఆగినట్టు అనిపిస్తుంది, మాస్టారు మార్కులు తగ్గిస్తారేమోనన్న భయమూ ఉంటుంది. పైగా పక్కపక్కన రాస్తే కలిపినట్టే అని అంకగణితం నేర్పింది. 53 అంటే యాభైకి మూడు కలిపినట్టు, 2½ అంటే రెండుకి అర కలిపినట్టు. బీజగణితంలో మాత్రం పక్కపక్కన రాస్తే గుణించినట్టు. ఈ కట్టుబాటు మారిన సంగతిని ఎవరూ గట్టిగా చెప్పరు. అందుకే 5xలో x = 3 పెట్టమంటే 53 అని రాసేవాళ్లూ కనబడతారు.

48ct తప్పని ఎలా తెలుస్తుంది? నియమం గుర్తుచేసుకోనక్కర్లేదు, అంకెలు పెడితే చాలు. 100 కుర్చీలు, 12 బల్లలు. 8c + 40t అంటే 800 + 480, మొత్తం 1,280 రూపాయలు. 48ct అంటే 48 × 100 × 12, అంటే 57,600 రూపాయలు. అలాంటి బిల్లు చేతికిస్తే టెంట్ హౌస్ వాడితో గొడవకు దిగుతాం.

మరి 8c + 16c ఎందుకు 24c అవుతుంది? ఎనిమిది చొప్పున c కుర్చీలకు, పదహారు చొప్పున అవే c కుర్చీలకు లెక్క కడితే, ఒక్కో కుర్చీ మీద పడేది 24. c ఎంతయినా కావచ్చు, 8 × c + 16 × c = (8 + 16) × c. రెండు పదాల్లోనూ గుణిస్తున్న సంఖ్య ఒక్కటే కాబట్టి దాన్ని బయటికి తీసి మిగిలినవి కలపగలిగాం. సజాతి పదాలంటే ఇంతే. 8c, 40tలలో c ఒక సంఖ్య, t వేరొక సంఖ్య. రెండూ ఎంతో తెలియకుండా కలిపి ఒక్క పదం చేసే దారి లేదు. 8(c + 5t) అని రాయవచ్చుగానీ అది రూపం మార్చడమే, రెండు పదాలు లోపల అలాగే ఉన్నాయి.

ఈ నియమం మనకు కొత్తేమీ కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణిత గ్రంథంలో తెలియని రాశిని యావత్తావత్ అన్నాడు, అంటే ఎంతో అంత. రెండోది, మూడోది కావలసివస్తే రంగుల పేర్లు పెట్టాడు: కాలకం, నీలకం, పీతకం, లోహితకం. రాసేటప్పుడు మొదటి అక్షరం వేసి పక్కన గుణకం వేసేవారు. మనం ఇవాళ 5x + 7 అని రాసేది వాళ్లకు యా 5 రూ 7. రూ అంటే రూపం, విడిగా నిలిచే సంఖ్య. ఒకే జాతివాటిని కలపాలి, తీసివేయాలి, వేరువేరు జాతులను విడివిడిగా ఉంచాలి అని ఆయన స్పష్టంగా చెప్పాడు. వర్గానికి యావ అని వేరే గుర్తు పెట్టడంతో రాశి, దాని వర్గం రెండు జాతులుగా కంటికే కనబడేవి. మన రాతలో x, x² చూపులకు అన్నదమ్ముల్లా ఉంటాయి, ఆ పోలికే 3x² + 2x చూసి 5x³ రాసేలా చేస్తుంది. x = 10 పెట్టి చూడండి. 3x² + 2x అంటే 300 + 20, మొత్తం 320. 5x³ అంటే 5,000.

భాస్కరుడి తర్వాత చాలాకాలానికి, 1591లో ఫ్రాన్స్‌లో వియెట్ ఇంకో అడుగు వేశాడు. తెలియని రాశులకే కాక తెలిసిన రాశులకూ అక్షరాలు వాడాడు. మన బిల్లులో అయితే 8, 40, 600 స్థానాల్లో కూడా అక్షరాలు వేసి ac + bt + d అని రాయడం లాంటిదది. పెళ్లిళ్ల సీజన్‌లో రేట్లు పెరిగినా సూత్రం మార్చనక్కర్లేదు. x, y, z తెలియనివాటికి, a, b, c తెలిసినవాటికి అనే అలవాటు 1637లో దెకార్త్ పుస్తకం నుంచి వచ్చింది.

అంకెలు పెట్టి చూడటం మంచి పరీక్షే, కానీ దానికీ ఓ లొసుగుంది. సులువుగా ఉంటుందని అందరూ మొదట పెట్టేది 1. c = 1, t = 1 పెడితే 8c + 40t = 48. 48ct కూడా 48! తప్పు ఒప్పుగా చెల్లిపోయింది. x = 1 పెడితే 3x² + 2x = 5, 5x³ కూడా 5. ఇది యాదృచ్ఛికం కాదు. 1ని ఎన్నిసార్లు గుణించినా 1 కాబట్టి అక్షరాలన్నీ మాయమై గుణకాలు మాత్రమే మిగులుతాయి. విజాతి పదాల గుణకాలను కలిపేసిన ప్రతి తప్పూ 1 దగ్గర ఒప్పులాగే కనబడుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పును పట్టుకోవడానికి అన్నిటికన్నా పనికిరాని అంకెను ఎంచుకుంటున్నామన్నమాట. 0 పెడితే అక్షరమున్న పదాలన్నీ తుడిచిపెట్టుకుపోయి స్థిరరాశి ఒక్కటే మిగులుతుంది. 2 కూడా నమ్మదగ్గది కాదు, x = 2 అయితే 2x, x² రెండూ 4. ఒకటికి మించిన అక్షరాలుంటే ఒక్కోదానికి వేరే అంకె ఇవ్వాలి, 3, 7 లాంటివి బాగుంటాయి. x²y, xy² ఒకటేనా అని అనుమానం వస్తే x = 3, y = 7 పెట్టండి. మొదటిది 63, రెండోది 147. xy, yx మాత్రం రెండూ 21, కాబట్టి అవి సజాతి పదాలే.

ఒక్క విలువ దగ్గర తేడా వచ్చిందంటే కుదింపు తప్పని తేలిపోయినట్టే, ఇక వాదన అక్కర్లేదు. సరిపోయినప్పుడే జాగ్రత్త కావాలి. ఒకే అక్షరం, వర్గాలేవీ లేని సమాసాలైతే రెండు వేర్వేరు విలువల దగ్గర సరిపోతే చాలు, రెండూ ఒకటే అని నిశ్చయంగా చెప్పవచ్చు. రెంటినీ గ్రాఫు గీస్తే సరళరేఖలు వస్తాయి. రెండు వేరు సరళరేఖలు రెండు చోట్ల కలుసుకోలేవు. 5x + 3, 8x ఒక్క 1 దగ్గరే కలుస్తాయి, 2 దగ్గర 13, 16గా విడిపోతాయి. వర్గం ఉంటే మూడు విలువలు చూడాలి. 2x, x² లు 0 దగ్గరా 2 దగ్గరా కలిసి, 3 దగ్గర విడిపోతాయి.

ఇక మన పెళ్లి రెండో రోజుకు వద్దాం. మొదటి రోజుకన్నా రెట్టింపు కుర్చీలు, ఇంకో 50 ఎక్కువ కావాలి. బల్లలు మాత్రం ఐదు తగ్గించవచ్చు. బండి కిరాయి మామూలే. రెండో రోజు బిల్లు 8(2c + 50) + 40(t − 5) + 600.

బ్రాకెట్టు విప్పితే 16c + 400 + 40t − 200 + 600. ఇక్కడ జరిగే పొరపాటు ప్రసిద్ధమే. 8తో 2cని గుణించి 50ని వదిలేస్తారు, 16c + 50 అంటారు. ఆ అదనపు 50 కుర్చీలకు అద్దె 400 కావలసిన చోట 50 రూపాయలే కట్టినట్టు. రూపాయల్లో ఆలోచిస్తే ఈ తప్పు చేయడమే కష్టం. స్థిరరాశులు కలుపుకుంటే రెండో రోజు బిల్లు 16c + 40t + 800.

రెండు రోజులూ కలిపితే 24c + 80t + 1400. 100 కుర్చీలు, 12 బల్లలతో సరిచూద్దాం. మొదటి రోజు 800 + 480 + 600, అంటే 1,880. రెండో రోజు కుర్చీలు 250కి 2,000, బల్లలు 7కి 280, బండికి 600, అంటే 2,880. మొత్తం 4,760. కుదించినదానిలో పెడితే 2,400 + 960 + 1,400, అదీ 4,760.

రెండో రోజు మొదటి రోజుకన్నా ఎంత ఎక్కువవుతుందో అడిగితే తీసివేత వస్తుంది, దాంతోపాటు బ్రాకెట్టు ముందు ఋణ గుర్తూ వస్తుంది:

(16c + 40t + 800) − (8c + 40t + 600)

ఆ గుర్తు మొదటి పదానికే వర్తిస్తుందనుకుని, 16c + 40t + 800 − 8c + 40t + 600 అని రాసేవాళ్లు చాలామంది. అప్పుడు 8c + 80t + 1400 వస్తుంది. మన అంకెలకు అది 3,160. తేడా 2,880 − 1,880 = 1,000 అని మనకు ముందే తెలుసు. మొదటి రోజు బిల్లు మొత్తాన్నీ తీసేస్తున్నాం కాబట్టి అందులోని బల్లల అద్దే పోవాలి, బండి కిరాయీ పోవాలి. సరిగ్గా చేస్తే మిగిలేది 8c + 200. c = 100కి అది 1,000.

ఈ ఫలితాన్ని ఒక్క క్షణం చూడండి. ఇందులో t లేదు. బల్లలు పన్నెండైనా నలభై అయినా రెండు రోజుల తేడా మారదు. ముందు రాసుకున్న పొడవాటి బిల్లులో ఈ సంగతి ఎక్కడా పైకి కనబడలేదు. కుదించడం మార్కుల కోసం చేసే చాకిరీలా అనిపిస్తుందిగానీ, దాగి ఉన్న ఇలాంటి విషయం బయటపడేది దానివల్లే.

తీసివేతలో ఇంకో చిన్న ఉచ్చు ఉంది. 7x − x ఎంత అంటే 7 అనేవాళ్లు తక్కువేం కాదు. ఏడు పక్కనున్న xను చెరిపేశాం గదా, ఏడు మిగిలింది అని వాళ్ల తర్కం. ఇదీ అక్షరాన్ని వస్తువుగా చూడటమే. x అంటే 1x, దాని గుణకం 1 రాయకపోయినా ఉంటుంది. x = 3 అయితే 21 − 3 = 18, అంటే 6x.

ఋణ సంఖ్యలు ప్రతిక్షేపించేటప్పుడు బ్రాకెట్టు పెట్టి తీరాలి. x² − 2xలో x = −3 అయితే (−3)² − 2(−3), అంటే 9 + 6, మొత్తం 15. బ్రాకెట్టు లేకుండా −3² అని రాస్తే గణిత సంప్రదాయం ప్రకారం ముందు 3ను వర్గం చేసి తర్వాత ఋణ గుర్తు తగిలించాలి, అది −9. యంత్రాలు కూడా దీనిమీద ఒక్క మాట మీద లేవు. ఎక్సెల్‌లో `=-3^2` కొడితే 9 చూపిస్తుంది, పైథాన్‌లో `-3**2` కొడితే -9 వస్తుంది. బ్రాకెట్టు పెట్టినవాడికి ఎక్కడైనా ఒకే జవాబు.

అక్షరం సంఖ్యను సూచిస్తుందన్నాం. ఏ సంఖ్యనైనా పెట్టవచ్చా అంటే, కుదింపు సరైనదే అయితే లెక్క మాత్రం దేనికైనా సరిపోతుంది. రెండో రోజు బిల్లును c = 100, t = 3 అని 16c + 40t + 800లో పెట్టండి. 1,600 + 120 + 800, మొత్తం 2,520. విప్పకముందు ఉన్న రూపంలో పెట్టినా 2,000 − 80 + 600, అదే 2,520. బీజగణితానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ మొదటి రోజు మూడే బల్లలు తెచ్చుకున్నవాళ్లు రెండో రోజు ఐదు ఎలా తగ్గిస్తారు? రావలసిన మైనస్ రెండు బల్లలకు టెంట్ హౌస్ వాడే మనకు 80 రూపాయలు ఎదురివ్వాలంటోంది సూత్రం. t కనీసం 5 ఉండాలన్న షరతు 16c + 40t + 800లో ఎక్కడా రాసి లేదు, బిల్లు రాసుకున్నవాళ్లే దాన్ని పక్కన విడిగా రాసుకోవాలి.